జీడిపప్పు మీద మచ్చలన్నీ ఒకటి కావు

జీడిపప్పు డబ్బా మూత తీయగానే రెండు నల్ల మచ్చల గింజలు కనబడితే కొందరు డబ్బా మొత్తం చెత్తలో పోసేస్తారు. మరికొందరు నేతిలో దోరగా వేయిస్తే అంతా పోతుందిలే అని ఉప్మాలోనో పొంగల్లోనో కలిపేస్తారు. మొదటి పని వల్ల డబ్బు దండగ. రెండోదాని వల్ల ఆరోగ్యానికే ముప్పు రావచ్చు. మచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవడం తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పచ్చి జీడిగింజను ఆవిరి పట్టి, పెంకు కోసి, పప్పును డ్రైయర్‌లో ఆరబెట్టి, పొట్టు తీసి, ఆ తర్వాత సైజును, రంగును బట్టి వేరు చేస్తారు. డ్రైయర్‌లో వేడి కాస్త ఎక్కువైన పప్పు గోధుమరంగుకు తిరుగుతుంది. వ్యాపారంలో దానికి స్కార్చ్‌డ్ అని వేరే గ్రేడు ఉంది, ధర తక్కువ, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. పెంకులోని జీడి నూనె తగిలితే ఒకచోట ముదురు మరక పడుతుంది. అది నోటికి తగిలితే మండుతుంది కాబట్టి ఆ గింజను పారేయడమే మేలు. గింజ ఇంకా చెట్టు మీద లేతగా ఉండగా రసం పీల్చే పురుగులు గుచ్చినచోట చిన్న గుంటతో గట్టి మచ్చ మిగలవచ్చు. ఇలాంటి మచ్చల అంచు స్పష్టంగా ఉంటుంది. గోటితో గీకితే పొడి రాలదు. గింజను రెండు బద్దలుగా చీలిస్తే లోపల తెల్లగానే ఉంటుంది.

భయపడవలసింది బూజు మచ్చకు. దాని అంచు మసకగా ఉంటుంది, రంగు బూడిదకో ఆకుపచ్చకో నలుపుకో తిరుగుతుంది, వేలితో రుద్దితే పొడిలా అంటుతుంది. చాలాసార్లు పైన కనబడకుండా రెండు బద్దల మధ్య సందులో దాక్కుంటుంది. అందుకే అనుమానం వచ్చిన గింజను పైపైన చూసి వదిలేయకుండా చీల్చి చూడాలి.

పప్పుల మీద పెరిగే బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ జాతివి కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోయినప్పుడు కారణం వెతికితే, వాటి మేతలోని బూజుపట్టిన వేరుశెనగ పిండి దగ్గర ఈ విషం బయటపడింది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. వేయిస్తే బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం పూర్తిగా పోదు. ఈ విషం విరిగిపోవాలంటే 250 డిగ్రీలు దాటిన వేడి కావాలి. మన మూకుడులో నూనె అంత దూరం పోదు. కడిగినా, ఎండబెట్టినా, బూజు ఉన్న ముక్క మాత్రం గిల్లి పారేసినా పని జరగదు. పైగా ఈ విషం పొట్లమంతా సమానంగా పరుచుకోదు. వంద గింజల్లో ఒకే ఒక్క గింజలో పోగుపడి ఉండవచ్చు. పసిపిల్లల కోసం బాదం, జీడిపప్పు కలిపి పొడి కొట్టే ఇళ్లలో ఈ సంగతి మరీ గుర్తుండాలి. మిక్సీలో పడ్డ ఒక్క చెడ్డ గింజ పొడి మొత్తంలో కలిసిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఏరలేరు.

వాసన సంగతికొస్తే, ముక్కిన వాసన వేరు, పాత నూనె వాసన వేరు. తడి గోనెసంచి, మూసిపెట్టిన గది వాసన వస్తే లోపలికి చెమ్మ చేరినట్టు, బూజు మొదలై ఉండవచ్చు. రంగుడబ్బా వాసనో, మరిగి మరిగి మిగిలిన నూనె వాసనో వస్తే పప్పులోని నూనె గాలికి పాడైనట్టు. ఆక్రోటు పప్పుకు ఈ రెండో జబ్బు తొందరగా వస్తుంది, నాలుకకు చేదు తగులుతుంది. రెండింటినీ తినకూడదు. అయితే అఫ్లాటాక్సిన్‌కు వాసన గానీ రుచి గానీ లేవు. వాసన బాగుంది కదా అని కంటికి కనబడే బూజును క్షమించకూడదు.

ఇక చిల్లు. సూదిమొనంత రంధ్రం, డబ్బా అడుగున పిండిలాంటి పొడి, గింజలను అంటించే సాలెగూడు లాంటి దారం కనబడితే లోపల పురుగు ఉన్నట్టే. ఆ దారాలు చిన్న చిమ్మట పిల్లలవి. పురుగుతో పోతే పరవాలేదు గానీ, అది చేసిన చిల్లు బూజుకు దారి అవుతుంది. మనకు ఎక్కువగా బాదం వచ్చే కాలిఫోర్నియాలో తోట మీదే కాయను తొలిచే నేవల్ ఆరెంజ్ వార్మ్ అనే పురుగు ఉంది. అది తొలిచిన బాదంలోనే అఫ్లాటాక్సిన్ ఎక్కువగా దొరుకుతుంది. అందుకే చిల్లు పడిన గింజను దులిపి వాడుకుందామనుకోకూడదు.

ఉదాహరణకు కాకినాడలో ఒక ఇంట్లో సంక్రాంతికి కొన్న కిలో జీడిపప్పులో అరకిలో మిగిలి ఆషాఢం దాకా స్టీలు డబ్బాలో ఉందనుకుందాం. ముందు దాన్ని పగటి వెలుగులో తెల్లటి పళ్లెం మీద పలచగా పరవాలి. నాలుగైదు గింజలు విరిచి చూడాలి. బాగున్న పప్పు టక్కున విరుగుతుంది. బాగా ఆరిన జీడిపప్పులో తేమ 5 శాతానికి మించదు. మెత్తబడి వంగుతోందంటే చెమ్మ పట్టింది. అప్పుడు గింజగింజా చీల్చి చూడక తప్పదు. ఒకటీ అరా చిల్లు గింజలుంటే వాటిని తీసేసి మిగతావి ఉంచుకోవచ్చు. బూజు రెండు మూడు గింజలకు మించి కనబడినా, డబ్బా అంతా ముక్కిన వాసన కొట్టినా నా మాట మొత్తం పారేయమనే. అరకిలో జీడిపప్పు పారేయడం కష్టమే, కానీ ఏది మంచిదో ఏది చెడ్డదో అక్కడ కంటికి తెలియదు.

మిగిలిన మంచి పప్పును గాలి చొరని కవర్లో పలచగా సర్ది ఫ్రీజర్‌లో ఉంచాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు రోజులు, వీలైతే వారం ఉంచితే పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. విషం ఉంటే మాత్రం చలికి అది పోదు, ఏరే పని ముందే అయిపోవాలి. డబ్బాలో లవంగాలు, వేపాకు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పురుగును అవి కొంత దూరం పెడతాయేమో గానీ చెమ్మను ఆపలేవు, అందులోనూ పచ్చి వేపాకు తానే తడి తెస్తుంది. ఎండలో పెడితే చెమ్మ తగ్గుతుంది, కానీ నూనె ఎక్కువున్న పప్పుకు మండుటెండ మంచిది కాదు. పైగా వేడివేడిగా డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి లోపలే తడిగా మారుతుంది. నీడపట్టున చల్లారనిచ్చి మూత బిగించాలి.

ఆ తర్వాత నిల్వకు ఫ్రిజ్ చాలు. ఒకే పెద్ద డబ్బా కన్నా వారానికి సరిపడా చిన్న సీసాలుగా పంచుకోవడం మంచిది. కొత్త సరుకును పాత డబ్బాలో పైన పోయకూడదు, అడుగున మిగిలిన గింజల్లో పురుగుంటే కొత్తవాటికీ ఎక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరిస్తే, వర్షాకాలపు గాలిలోని తేమ చల్లటి పప్పు మీద నీటిబొట్లుగా పేరుకుంటుంది, ఆ తడే బూజుకు కావలసింది. మూత తీయకుండా గంటసేపు బయట ఉంచి, సీసా మామూలు వేడికి వచ్చాక తెరవాలి. వాడుకోవలసినంత తీసుకుని, పొడి గరిటెతోనే, మళ్లీ మూత బిగించాలి.

ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజూర మీద తెల్లటి పూత కనబడితే ఒక పండును గోరువెచ్చటి నీళ్లలో వేసి చూడండి. చక్కెర పేరుకున్నదైతే కరిగిపోతుంది. వేళ్లకు గరగరలాడుతుంది కూడా. నూగులా ఉండి కరగకపోతే బూజే. అంజూరను మాత్రం ఎప్పుడూ రెండుగా విప్పి చూశాకే తినాలి. పైకి బంగారంలా ఉన్న పండు లోపల నల్లటి మసిలాంటి బూజు ఉండవచ్చు.