ఈ మెయిల్ ఎవరిది?

వ్యవసాయ మోటార్ల స్పేర్‌పార్టుల సర్వీసు డెస్కులో మేం ఏడుగురం. కస్టమర్ల మెయిళ్లన్నీ ఔట్‌లుక్‌లో ఒకే ఉమ్మడి పెట్టెలోకి వస్తాయి. పోయిన నెల ఒక రైతు కొడుకు స్టార్టర్ ప్యానెల్ ఇంకా రాలేదని రాశాడు. మాలో ఒకరు దాన్ని తెరిచి, గోడౌన్‌కి ఫోన్ చేద్దామనుకునేలోపు వేరే కాల్ వచ్చి అటు తిరిగారు. నాలుగు రోజులు గడిచిపోయాయి. ఐదో రోజు ఆ అబ్బాయి మళ్లీ రాస్తే ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు బుధవారం వస్తుందన్నారు, ఇంకొకరు శనివారం అన్నారు. పైరు ఎండుతున్న ఇంటికి మేం రెండు తేదీలు చెప్పాం. ఆ సాయంత్రమే కూర్చుని టీమ్‌కు నోటు రాశాను.

మొదట రాసింది బోల్డు అక్షరాల గురించి. మన సొంత మెయిల్లో చదవనిది బోల్డుగా కనిపిస్తుంది కాబట్టి, బోల్డు పోయిందంటే పని అయిపోయిందని కన్నుకి అలవాటు. ఉమ్మడి పెట్టెలో ఆ గుర్తు ఏడుగురికీ కలిపి ఒక్కటే. ఒకరు తెరిస్తే అందరికీ చదివేసినట్టే కనిపిస్తుంది. ఆ నాలుగు రోజులూ మేమంతా ఆ మెయిల్‌ని చూస్తూనే ఉన్నాం, ఎవరో చూసుకుంటున్నారనుకున్నాం.

అందుకే మొదటి నియమం: సబ్జెక్టు చూడగానే మెయిల్ మీద రైట్ క్లిక్ చేసి, Categorize లో మీ పేరున్న రంగు పెట్టండి, ఆ తర్వాతే తెరవండి. ఆ రంగు మెయిల్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. పేర్లు మాత్రం ఉమ్మడి పెట్టె జాబితాలోనే ఉండాలి. ఎవరి పెట్టెలో వాళ్లు కొత్త పేరు తయారుచేసుకుంటే పక్కవాళ్లకి రంగు లేకుండా కనిపించవచ్చు. ఏడు పేర్లూ నేనే అందులో చేర్చాను.

ఒకే క్షణంలో ఇద్దరు పేరు పెడితే? ఒక మెయిల్‌కి రెండు రంగులు అంటగలవు. ఒక్కోసారి రెండోవాళ్ల రంగు మొదటిదాన్ని చెరిపేస్తుంది కూడా. కాబట్టి జవాబు మొదలుపెట్టే ముందు అర నిమిషం ఆగి మళ్లీ చూడాలి. రెండు పేర్లుంటే జాబితాలో పైనున్నవాళ్లది. మీ పేరు పోయి ఇంకొకరిది ఉంటే వదిలేయండి.

నోటు చదివాక గోడౌన్‌తో మాట్లాడే అమ్మాయి వచ్చి, “సార్, పేరు పెడితే పార్టు రాకపోయినా మాట నామీదకే వస్తుంది కదా” అంది. ఆ భయం న్యాయమైనదే. దాన్ని అలాగే వదిలేస్తే ఎవరూ కష్టమైన మెయిల్ జోలికి పోరు. నోటులో ఇంకో పేరా చేర్చాను: పేరు పెట్టడమంటే ఈ రోజు కస్టమర్‌కి జవాబు చెప్పే పని నాది అని. పార్టు తెప్పించే పూచీ గోడౌన్‌దే. ఎవరి పేరు మీద ఎన్ని మెయిళ్లున్నాయో లెక్కపెట్టి పనితీరు చూడనని కూడా రాశాను.

పేర్లు కాక రెండే ట్యాగులు ఉంచాను, ‘గోడౌన్ చెప్పాలి’, ‘కస్టమర్ చెప్పాలి’. ఇంతకుముందు మోటారు రకాన్ని బట్టి ఇరవై దాకా ఉండేవి. ఏది పెట్టాలో ఆలోచించలేక చివరికి ఏదీ పెట్టేవాళ్లం కాదు.

మేం చాలా రోజులు గమనించనిది ఇంకోటి ఉంది. కస్టమర్ తిరిగి రాస్తే ఆ కొత్త మెయిల్ మామూలుగా ఏ రంగూ లేకుండా వస్తుంది. కొత్త కేసనుకుని ఇంకొకరు అందుకుంటారు. అందుకని కింద పాత మెయిల్ చూసి, అక్కడున్న పేరే దీనికీ పెట్టాలి.

పేరు పెట్టి మరిచిపోయిన మెయిల్, పేరు లేని మెయిల్ కంటే ప్రమాదం. పేరుందని మిగతావాళ్లు దాని జోలికి పోరు. కాబట్టి జవాబు రాయని మెయిల్ మీద మీ పేరుంచి ఇంటికి వెళ్లొద్దు. తీసేయండి, లేదా పక్కవాళ్లకి నోటితో చెప్పి వాళ్ల పేరు పెట్టండి. రోజూ నాలుగింటికి నేను ఒక్కో పేరు మీద వడపోసి, ఒకరోజు దాటినవి చూస్తాను.

రంగులు పెట్టినా తీరని లోటు ఒకటుంది. ఉమ్మడి చిరునామా నుంచి పంపిన జవాబు మామూలుగా పంపినవాళ్ల సొంత Sent Items లోకే పోతుంది. శనివారమని రాసిన అతనికి బుధవారమని వెళ్లిన మెయిల్ అందుకే కనిపించలేదు. ఐటీ వాళ్లు ఒక్క ఆదేశంతో సరిచేశారు. ఉమ్మడి పెట్టె పేరు spares అనుకుంటే అది ఇలా ఉంటుంది:

```
Set-Mailbox spares -MessageCopyForSentAsEnabled $true
```

మొన్న సోమవారం బేరింగ్ కోసం ఒక మెయిల్ వచ్చింది. 9:40కి నీలం రంగు పడింది. 10 గంటలకి ‘గోడౌన్ చెప్పాలి’ చేరింది, కనుక్కుని సాయంత్రంలోగా చెబుతామని కస్టమర్‌కి రెండు వాక్యాల జవాబు వెళ్లింది. మధ్యాహ్నం నీలం రంగు వ్యక్తి పిల్లాడికి జ్వరమని ఇంటికి వెళ్తూ పక్క సీటుకి చెప్పి, రంగు మార్చి వెళ్లాడు. 4:15కి ఆకుపచ్చ పేరుతో తేదీ వెళ్లింది. ఒక్కటే తేదీ.