సగం సాళ్లకే వేయండి, కాటా చెప్పింది నమ్మండి

ప్రశ్న: వర్మీ కంపోస్టు తయారుచేసి చుట్టుపక్కల కూరగాయల రైతులకు అమ్ముతున్నాను. సంచి మీద ‘బంగారు పంటకు భరోసా’ అని వేయించాను. సరుకు మంచిదే, అయినా కొత్తవాళ్లు కొనడం లేదు. ఎందుకు? ఏమని రాస్తే నమ్ముతారు?

జవాబు: ఆ మాట అబద్ధమని కాదు, దాన్ని సరిచూసుకునే దారి లేదు. అర ఎకరంలో బెండ వేసిన రైతు ‘భరోసా’ అనే మాటను ఎన్ని సీసాల మీద చదివి ఉంటాడో! ‘బయో’ అన్న పేరుతో దుకాణదారు అంటగట్టినవి ఒకటి రెండు గట్టు మీద ఇంకా పడే ఉంటాయి. కొత్త సరుకు చూడగానే అతను అడిగేది ఒకటే: ‘ఎవరి చేలో వేశారు, ఎంత కాసింది?’ దానికి జవాబు చెప్పేదే మీకు కావలసిన నినాదం.

ఏం రాయకూడదో ముందు చూద్దాం. ‘యూరియా అక్కర్లేదు’ అని రాయాలనిపిస్తుంది. లెక్క వేయండి. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు, అంటే 45 కిలోల బస్తాలో ఇరవై కిలోలకు పైనే. వర్మీ కంపోస్టులో నత్రజని సాధారణంగా ఒకటి రెండు పాళ్లు. మీ 50 కిలోల సంచిలో అర కిలో నుంచి కిలో. అదీ మెల్లగా విడుదలవుతుంది. యూరియా వేసిన వారానికి ఆకు పచ్చబడడం రైతు చూసి ఉన్నాడు. మీది వేసి వారం ఆగి చూసి, సంచితో పాటు మీ మాటనూ పక్కన పెట్టేస్తాడు.

మరి రుజువు ఎలా? బెండ దీనికి చక్కని పైరు. విత్తిన నెలన్నరకు కోత మొదలై, రోజు విడిచి రోజు కాయ తెగుతుంది. అంటే సీజనులో చాలాసార్లు తూచే వీలుంది.

ఒక మడిలో పన్నెండు సాళ్లు తీసుకోండి. మూడింటికి మీ ఎరువు, తర్వాతి మూడింటికి వద్దు, మళ్లీ మూడింటికి వేయండి, చివరి మూడూ వదలండి. మిగతా ఎరువులు, నీళ్లు, మందులు అన్నిటికీ ఒకటే. ప్రతి మూడింటిలో నడిమి సాలు కాయ మాత్రమే తూచాలి. అంచు సాళ్లు పక్కవాటి ఎరువును, నీటిని కొంత లాక్కుంటాయి కదా. ఇంకో జాగ్రత్త: ఎరువు వేసిన సాళ్ల మీద తెలియకుండానే ప్రేమ పుడుతుంది, ఓ తడి ఎక్కువ పడుతుంది. నాకైతే ఏ సాలు ఏదో తెలియని కూలీ చేతే నీళ్లు పెట్టించడం, కాయ కోయించడం నచ్చుతుంది.

పదిహేను కోతల తర్వాత లెక్క ఇలా వచ్చిందనుకుందాం. వేసిన నడిమి సాళ్లు 46, 41 కిలోలు, మొత్తం 87. వేయనివి 43, 36 కిలోలు, మొత్తం 79. ఎనిమిది కిలోలు ఎక్కువ, నూటికి పది. వెంటనే ‘పది శాతం అధిక దిగుబడి’ అని అచ్చు వేయించాలనిపిస్తుంది.

ఆగండి. సగటున సాలుకు తేడా నాలుగు కిలోలే. కానీ ఎరువు వేయని రెండు సాళ్ల మధ్యే ఏడు కిలోల తేడా ఉంది. ఏమీ వేయకుండానే అంత తేడా రాగలిగితే, ఈ నాలుగు కిలోలు మీ ఎరువు పుణ్యమా, నేల గుణమా? ఈ ఒక్క మడి చెప్పలేదు. ఇదే పరీక్ష పది చేలల్లో జరగాలి. ఎనిమిదింట వేసిన సాళ్లే ఎక్కువ తూగితే అప్పుడు బలం వస్తుంది. రెండింట తేడా రాకపోతే ఆ నేలల సంగతి అడగండి. ఏటా పశువుల ఎరువు బాగా తోలే చేను అయితే కొత్తగా కనిపించేది తక్కువే.

డబ్బు లెక్కా మరవొద్దు. కిలో ఇరవై రూపాయలు పలికితే, ఆ ఎనిమిది కిలోలకు 160. ఆ రెండు సాళ్లకు పట్టిన ఎరువు ఖర్చు అంతకంటే ఎక్కువైతే, దిగుబడి పెరిగిందన్న మాట నిజమే, కానీ రైతుకు నష్టం.

ఇవన్నీ కుదిరాక సంచి మీద ఇలా రాయొచ్చు: ‘పది బెండ చేలల్లో తూచాం. ఎనిమిదింట ఎక్కువ కాసింది. మీరూ సగం సాళ్లకే వేసి తూచండి.’ పైరు పేరు తప్పక ఉండాలి, వంకాయకు ఈ మాట చెల్లదు. ఆ రెండు చేలను దాచొద్దు. అనుమానించే రైతు చూపు ముందు పడేది అక్కడే, అది కనబడితేనే మిగతా ఎనిమిదీ నమ్ముతాడు. వెనకవైపు ఊరు, సీజను, సాలుకు ఎంత వేశారో, రెండు రకాల సాళ్ల తూకం ఎంతో వేయండి. రైతు ఒప్పుకుంటే పేరు కూడా.

వచ్చే సీజనులో ఈ అంకెలు మారొచ్చు. కాబట్టి సంచి మీద అచ్చు వేయించకుండా స్టిక్కరు అంటించండి.