అంచు తెగిన ఫొటోలో ఆరు కుర్చీలు

అమీర్‌పేటలోనో నంద్యాలలోనో బ్యాంకు కోచింగ్‌కు వెళ్లేవారి వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పదింటికి ఒక ఫొటో వచ్చిపడుతుంది. ప్రాక్టీసు పుస్తకంలో ఒక పేజీ. పైన ట్యూబ్‌లైటు మెరుపు, కుడివైపు అంచు తెగిపోయి ఉంటుంది. కింద ఒకే మాట: ‘ఎవరికైనా వచ్చిందా?’ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తేల్చమనే సీటింగ్ అరేంజ్‌మెంట్ లెక్క అది. ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు ఇచ్చేది 20 నిమిషాలు, ప్రశ్నలు 35. వాటిలో ఇలాంటి లెక్కలదే పెద్ద వాటా. ఒక్క అమరిక తేలితే దాని కింద ఉన్న నాలుగైదు ప్రశ్నలూ వచ్చేస్తాయి. అది తప్పితే అన్నీ తప్పుతాయి, ప్రతి తప్పుకూ ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత కూడా.

ఫొటో చూస్తూ మనసులోనే మనుషుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాలని చూస్తే మూడో వాక్యానికి మొదటిది మరుపున పడుతుంది. గడులు గీసుకుంటే ఆ బాధ ఉండదు. గడులతో ఇంకో లాభం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఫొటోలో కనిపించని మాట ఏమై ఉంటుందో కూడా చాలాసార్లు గడులే చెబుతాయి.

ఈ లెక్క చూడండి. రవి, లత, మధు, గీత, సురేష్, వాణి ఒకే వరుసలో, ఉత్తరం వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. రవికి కుడివైపు మూడో స్థానం లతది. మధుకు ఎడమవైపు సరిగ్గా పక్కనే గీత ఉంది. వాణి, లత పక్కపక్కన లేరు. ఇక నాలుగో వాక్యం ఫొటోలో ఇలా ఆగిపోయింది: ‘సురేష్, వాణి పక్కపక్కన కూర్చు...’ అది ‘కూర్చున్నారు’ కావచ్చు, ‘కూర్చోలేదు’ కావచ్చు. మిగతా అక్షరాలు ఫొటో బయట ఉండిపోయాయి.

ముందు వాక్యాలన్నిటినీ కాగితం మీదికి ఎక్కించాలి. ఫొటోను పెద్దది చేసుకుంటూ, జరుపుకుంటూ లెక్క చేస్తే ఏదో ఒక వాక్యం కంటికి ఆనకుండా పోతుంది. ఎక్కించాక పేర్లు లెక్కపెట్టండి. ఆరుగురన్నప్పుడు ఆరు పేర్లూ ఎక్కడో ఒకచోట కనిపించాలి. ‘ఉత్తరం వైపు’ అన్న మాటనూ వదలొద్దు. ఫొటో పైభాగం తెగితే మొదట పోయేది అదే. ఉత్తరం వైపు కూర్చుంటే వాళ్ల కుడి, కాగితం మీద మన కుడి ఒకటే. దక్షిణం వైపు అయితే మొత్తం తిరగబడుతుంది.

ఇప్పుడు నిలువు వరుసల్లో కుర్చీలు, అడ్డ వరుసల్లో పేర్లు. కుదరని చోట గుణకారం గుర్తు. రవికి కుడివైపు మూడో స్థానంలో లత ఉండాలంటే రవి 4, 5, 6 కుర్చీల్లో ఉండలేడు, లత 1, 2, 3లో ఉండలేదు. గీతకు కుడిపక్కన మధు ఉండాలి కాబట్టి గీతకు 6 లేదు, మధుకు 1 లేదు.

| | 1 | 2 | 3 | 4 | 5 | 6 |
|---|---|---|---|---|---|---|
| రవి | | | | × | × | × |
| లత | × | × | × | | | |
| గీత | | | | | | × |
| మధు | × | | | | | |
| సురేష్ | | | | | | |
| వాణి | | | | | | |

ఎనిమిది గుర్తులు పడ్డాయి, ఎవరి కుర్చీ మాత్రం ఖాయం కాలేదు. చాలామంది ఇక్కడే విసుగెత్తి ఊహించడం మొదలుపెడతారు. కానీ పట్టికలో రవి వరుస చూడండి, మూడే ఖాళీలున్నాయి. రవి ఎక్కడో తెలిస్తే లత కూడా తెలిసిపోతుంది. అందుకే కోచింగ్‌లో చెప్పే ‘కేసులు’ రవితోనే మొదలుపెట్టాలి. ఆరు ఖాళీలున్న సురేష్‌తో మొదలుపెడితే కాగితం నిండుతుంది తప్ప పని జరగదు.

మొదటి కేసు: రవి 1, లత 4. ఖాళీగా మిగిలేవి 2, 3, 5, 6. గీత, మధు జంటగా 2, 3లో కూర్చుంటే సురేష్, వాణిలకు 5, 6 మిగులుతాయి. జంట 5, 6లోకి వెళితే వాళ్లకు 2, 3.

రెండో కేసు: రవి 2, లత 5. ఖాళీలు 1, 3, 4, 6. పక్కపక్కన ఉన్నవి 3, 4 మాత్రమే కాబట్టి జంట అక్కడే కూర్చోవాలి. సురేష్, వాణి రెండు చివరలకు పోతారు.

మూడో కేసు: రవి 3, లత 6. ఖాళీలు 1, 2, 4, 5. జంట ఏ వైపు కూర్చున్నా రెండో వైపున్న రెండు కుర్చీలూ పక్కపక్కనే.

అసలు సంగతి ఇక్కడ బయటపడుతుంది. మొదటి, మూడో కేసుల్లో సురేష్, వాణి తప్పనిసరిగా పక్కపక్కనే ఉంటారు. రెండో కేసులో తప్పనిసరిగా విడివిడిగా ఉంటారు. అంటే ఫొటోలో తెగిపోయిన ఆ మాటే కేసును తేలుస్తుంది.

రెండు రకాలుగానూ చదివి చూద్దాం. ‘కూర్చున్నారు’ అనుకుంటే రెండో కేసు కొట్టివేత. వాణి, లత పక్కపక్కన ఉండకూడదన్న నియమం పెట్టాక కూడా ఐదు అమరికలు నిలుస్తాయి: మొదటి కేసులో రెండు, మూడో కేసులో మూడు. ‘కూర్చోలేదు’ అనుకుంటే రెండో కేసు ఒక్కటే మిగులుతుంది. అందులో వాణి 6లో ఉంటే 5లోని లత పక్కకు వస్తుంది, అది కుదరదు. కాబట్టి వాణి 1, సురేష్ 6. ఎడమ నుంచి వరుస: వాణి, రవి, గీత, మధు, లత, సురేష్.

ప్రశ్నలు ‘ఎడమ చివర ఎవరు?’, ‘గీతకు, సురేష్‌కు మధ్య ఎందరు?’ అని ఉన్నాయంటే ఇలాంటి లెక్కకు ఒక్కటే అమరిక ఉండాలి. ఐదు వచ్చే పాఠం తప్పు, ఒకటి వచ్చేది సరి. మొదటిదానికి జవాబు వాణి, రెండోదానికి ఇద్దరు.

ఇదే పరీక్ష మన పొరపాట్లనూ పట్టిస్తుంది. ‘కుడివైపు మూడో స్థానం’ అంటే మధ్యలో ఉండేది ఇద్దరు. కంగారులో దాన్ని మధ్యలో ముగ్గురని తీసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. అలా తీసుకుంటే రవి, లతలకు 1, 5 లేదా 2, 6 వస్తాయి. ‘కూర్చోలేదు’ అని సరిగ్గానే చదివినా చివరికి నాలుగు అమరికలు నిలబడతాయి. అన్ని వాక్యాలూ వాడేశాక కూడా ఒకటికి మించి మిగిలాయంటే ఏదో వాక్యాన్ని వదిలేశారు, లేదా వదులుగా చదివారు. ఒక్కటీ మిగలకపోతే ఎక్కడో ఒక గుర్తు తప్పు గడిలో పడింది. అలాంటప్పుడు పక్కన వాక్యం సంఖ్య రాసుకుంటూ గుర్తులు పెట్టి ఉంటే, ఎంతవరకు చెరపాలో తెలుస్తుంది. ఆ అలవాటు లేనివాళ్లు మొత్తం కొట్టేసి మళ్లీ మొదటికి రావాలి.

అయితే గడులు ఎప్పుడూ ఇలా తీర్పు ఇవ్వవు. తెగిన మాటను రెండు విధాలుగా చదివినా ఒక్కో అమరికే వస్తే ఏది సరో పట్టిక చెప్పలేదు. జవాబుల్లో ‘సమాచారం చాలదు’ అన్న ఎంపిక ఉన్న లెక్కల్లో, ఒక్కటే అమరిక ఉండాలన్న నమ్మకమూ పనికిరాదు. అక్కడ రెండు అమరికలు మిగలడమే సరైన జవాబు కావచ్చు. అలాంటప్పుడు ఫొటో పంపినవాళ్లనే అడగాలి: పేజీ మొత్తం వచ్చేలా, ట్యూబ్‌లైటు కింద కాకుండా, ఇంకోటి తీసి పంపమని.