ప్యాకేజీ ఎంత అని అడిగిన కిసుము ఉత్తరం

కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే ఊరుంది. అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రికి నాలుగు లైన్ల మెయిల్ వచ్చింది. "మా అక్కకు 34 ఏళ్లు. గుండె వాల్వ్ మార్చాలన్నారు. మీ ప్యాకేజీ ఎంత? ఏ కాగితాలు పంపాలి? వీసా మీరే ఇప్పిస్తారా?" దానికి ఒక ఎకో రిపోర్టు ఫొటో జతచేశారు. ఫోన్‌తో తీసింది, ఒక మూల బొటనవేలు కూడా పడింది.

విదేశీ రోగుల డెస్కులో ఇలాంటి మెయిళ్లకు జవాబులు రాస్తూ నేను కొన్నేళ్లు గడిపాను. ఈ అక్కాతమ్ముళ్లు ఒక్క ఇంటివాళ్లు కారు. ఎందరివో సంగతులు కలిపి ఒకరిగా చెబుతున్నాను.

మూడు ప్రశ్నల్లో మొదటిది ధర గురించే ఉంటుంది. దానికి వెంటనే ఓ అంకె రాసి పంపే ఆస్పత్రి ఉంటే, అది రిపోర్టు సరిగా చదవలేదని నాకు అనుమానం. ఎందుకంటే ఆ ఫొటోలో కనిపించిన జబ్బు పేరు మైట్రల్ స్టెనోసిస్. చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం గుండె మీద వదిలిపోయే మచ్చ అది. మన పల్లెల్లోనూ ఉన్నదే. 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటూ పెరిగిన పిల్లలు మీకూ తెలిసే ఉంటారు. ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే వాల్వ్ మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవాలి. ఈమెది 0.9 దగ్గరే ఆగిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకోలేకపోవడం అందుకే.

దీనికి దారులు రెండు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్ ఉబ్బించి వాల్వ్‌ను విప్పడం ఒకటి. అది కుదిరితే ఆస్పత్రిలో రెండు మూడు రోజులు చాలు. రెండోది ఛాతీ తెరిచి వాల్వ్ మార్చడం. దానికి ఐసీయూ, వార్డు కలిపి వారం పైనే పడుతుంది. ఖర్చులోనూ రెంటికీ పొంతన ఉండదు. "వాల్వ్ మార్చాలన్నారు" అన్న మాటను పట్టుకుని మనం ఆపరేషన్ ప్యాకేజీ రాసి పంపితే, బెలూన్‌తో పోయే జబ్బుకు ఆ ఇంటివాళ్లు అక్కడ పొలం అమ్ముకోవచ్చు.

ఏ దారి అన్నది తేల్చేది ఎకో. కానీ రిపోర్టు కాగితం కాదు, ఎకో వీడియోలు. వాల్వ్ ఎంత మందంగా ఉంది, ఎంత కదులుతోంది, ఎంత సున్నం పట్టింది, కింద పట్టి ఉంచే తాళ్లు ఎంత ముడుచుకున్నాయి అన్న నాలుగు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 8 లోపుంటే బెలూన్‌కు అనువైన వాల్వ్. కాగితం మీద "తీవ్రమైన స్టెనోసిస్" అని ఒక్క ముక్క ఉంటే ఈ లెక్క వేయలేం. అందుకే తమ్ముడికి రాశాం: ఎకో తీసిన చోటికెళ్లి వీడియోలను డైకామ్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో అడగండి, తెరను ఫోన్‌తో తీసిన ఫొటో పనికిరాదు. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలు, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు మోతాదులతో సహా పంపమన్నాం.

వాటితో పాటు ఇంకొకటి కూడా అడిగాం. ఈ జబ్బులో గుండె ఎడమ పైగదిలో రక్తం నిలిచిపోయి గడ్డ కట్టవచ్చు. గడ్డ ఉండగా బెలూన్ వేస్తే అది ఊడి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. మామూలు ఎకోలో ఈ గడ్డ తరచూ కనిపించదు. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకో కావాలి. అది నైరోబీలో చేయించుకుని రమ్మన్నాం. తమ్ముడికి కోపమొచ్చింది. "అన్నీ ఇక్కడే చేయించుకుంటే మీ దగ్గరకెందుకు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం వైద్యంలో లేదు, వీసాలో ఉంది.

కెన్యావాళ్లు భారత్‌కు ఈ-మెడికల్ వీసా తీసుకోవచ్చు. ఆ వీసా మన గడ్డ మీద దిగిన రోజు నుంచి 60 రోజులు చెల్లుతుంది. బెలూన్ అయితే అన్నీ కలిపి రెండు వారాల్లో తిరిగి వెళ్లిపోవచ్చు. ఆపరేషన్ అయితే పరీక్షలు, కోలుకోవడం, రక్తం పల్చబడే మందు మోతాదు కుదరడం కలిపి ఐదారు వారాలు, ఇదీ సరిపోతుంది. కానీ గడ్డ ఉంటే ముందు రెండు మూడు నెలలు రక్తం పల్చబడే మందు వాడి, అది కరిగాక మళ్లీ చూడాలి. ఇక్కడికొచ్చాక ఆ సంగతి తెలిస్తే 60 రోజులు చాలవు. పొడిగింపు కోసం విదేశీయుల నమోదు కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి, ఇస్తారా లేదా అన్నది వాళ్ల నిర్ణయం. ఈలోగా పరాయి ఊళ్లో అద్దె గది, ఇద్దరు మనుషుల తిండి ఖర్చులు ఆగవు. ఏ ప్యాకేజీలోనూ ఆ ఖర్చు ఉండదు.

ప్యాకేజీ అన్న మాట గురించి కూడా తమ్ముడికి విడమర్చి చెప్పాల్సి వచ్చింది. అది లెక్కించి పెట్టిన రోజులకు, లెక్కించి పెట్టిన పనులకు ఇచ్చే ధర మాత్రమే. ఐసీయూలో రెండు రోజులని రాసి ఉంటే మూడో రోజు బిల్లు విడిగా వస్తుంది. అదనంగా రక్తం ఎక్కిస్తే విడిగా, ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలు తరచూ విడిగానే. వాల్వ్ ధర ఇందులో ఉందా, ఉంటే ఏ రకం వాల్వ్ అన్నది అడగకుండా ఏ అంకెనూ నమ్మకూడదు. లోహపు వాల్వ్ చాలాకాలం మన్నుతుంది కానీ జీవితాంతం రక్తం పల్చబడే మందు, దానికి ఐఎన్ఆర్ పరీక్షలు తప్పవు. కిసుములో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో తెలియాలి. పైగా ఈమెకు ఇంకా పిల్లలు కావాలి, ఆ మందు గర్భంలోని బిడ్డకు మంచిది కాదు. జంతు కణజాలపు వాల్వ్‌తో ఆ బెడద తక్కువ, కానీ చిన్న వయసులో పెడితే అది త్వరగా అరిగి మరో ఆపరేషన్‌కు దారి తీస్తుంది. ధరల పట్టికలో ఇది రెండు గళ్లే. ఆమెకు మాత్రం అది నలభై ఏళ్ల జీవితం.

మూడు వారాలకు నైరోబీ నుంచి వీడియోలు వచ్చాయి. మార్కులు 7. బెలూన్‌కు అనువైన వాల్వే. కానీ పైగది మూలలో చిన్న గడ్డ. ఇప్పుడు రావద్దు, అక్కడే వార్ఫరిన్ వాడుతూ ఐఎన్ఆర్ 2కూ 3కూ మధ్య ఉంచుకుని మూడు నెలలకు మళ్లీ అదే ఎకో చేయించమని రాశాం. అందరికీ నిరాశే, డెస్కులో నా పై అధికారికి కూడా. మూడు నెలల తర్వాత వచ్చిన వీడియోల్లో గడ్డ లేదు.

అప్పుడు వీసా ఉత్తరం ఇచ్చాం. ఆస్పత్రి వీసా ఇప్పించదు. లెటర్‌హెడ్ మీద జబ్బు, చికిత్స, తేదీలు, పడే రోజులు రాసిస్తుంది. దాన్ని ప్రభుత్వ సైట్ indianvisaonline.gov.in లోనే ఎక్కించాలి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, అదనపు రుసుము గుంజుతాయి. వెంట వచ్చే రక్తసంబంధీకులు ఇద్దరి వరకు విడిగా అటెండెంట్ వీసా పెట్టుకోవచ్చు. ప్రయాణానికి కనీసం 4 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి.

మా ఉత్తరంలో మొదటిసారి తప్పు దొర్లింది. ఆమె పాస్‌పోర్టులో మూడు పేర్లున్నాయి, మేము మెయిల్‌లో సంతకం చూసి రెండే రాశాం. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాం. అందుకే పాస్‌పోర్టు ఫొటో పేజీ చేతికొచ్చాకే ఉత్తరం టైపు చేయాలన్న నియమం పెట్టుకున్నాం. కెన్యా నుంచి వచ్చేవాళ్లు పసుపు జ్వరం టీకా ప్రయాణానికి 10 రోజుల ముందే వేయించుకుని ఆ కార్డు తేవాలి. లేకపోతే విమానాశ్రయం నుంచి నేరుగా క్వారంటైన్‌కే, అదీ 6 రోజుల దాకా. ఈ విషయం కూడా అదే మెయిల్‌లో రాశాం.

డబ్బు మాత్రం ఆస్పత్రి పేరున ఉన్న ఖాతాకే పంపమన్నాం, మధ్యలో "నేను చూసుకుంటాను" అన్న మనిషి ఖాతాకు కాదు. తిరుగు టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే కొనమన్నాం.