డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్: తడి క్లచ్, పొడి క్లచ్, వాటి ఆయిల్

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను నడిపిస్తుంది. కారు మూడో గేర్‌లో పోతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. మొదటి క్లచ్ వదులుతుంటే రెండోది అందుకుంటుంది. ఈ క్లచ్‌లు ఆయిల్‌లో తిరిగితే తడి రకం, గాలిలోనే తిరిగితే పొడి రకం.

ఫోక్స్‌వ్యాగన్ 2003లో తెచ్చిన ఆరు గేర్ల డీక్యూ250 తడి రకం. క్లచ్ పలకల వేడిని లాగేయడం, గేర్లకు పూత పట్టడం, హైడ్రాలిక్ ఒత్తిడి అందించడం అన్నీ ఇందులో ఒకే ఆయిల్ పని. పలకలు అరిగి రాలే పొడి కూడా అందులోనే చేరుతుంది. అందుకే ఫిల్టర్‌తో పాటు ఆయిల్‌ను 60,000 కిలోమీటర్లకోసారి మార్చమంటారు. గడువు దాటితే ఆయిల్‌లోని ఘర్షణను అదుపు చేసే రసాయనాలు బలహీనపడతాయి. నెమ్మదిగా కదిలేటప్పుడు కారు వణకడం, గేరు మారినప్పుడు కుదుపు రావడం దీని గుర్తులు. అయితే క్లచ్ అరిగినా ఇవే కనిపిస్తాయి కాబట్టి ఆయిల్ మార్చగానే అన్నీ పోతాయని అనుకోకూడదు. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే కొత్త ఆయిల్‌తోనే ఈ వణుకు మొదలుకావచ్చు. డబ్బా మీద ‘డీసీటీ’ అని ఉంటే చాలదు, కారు తయారీదారు చెప్పిన ప్రమాణం సంఖ్య ఉండాలి.

గేర్‌బాక్స్‌లో ఏడు లీటర్ల దాకా పట్టినా, మార్చినప్పుడు కిందికి దిగేది అయిదు లీటర్ల పైచిలుకే. మిగతాది లోపలే ఉండిపోతుంది. దిగినంత కొలిచి పోస్తే సరిపోదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, అడుగు రంధ్రంలోని చిన్న గొట్టం మీదుగా అదనపు ఆయిల్ చుక్కలుగా కారాలి. వేడెక్కాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి, తక్కువున్నా నిండినట్టు కనిపిస్తుంది. తొందరలో ఉన్న మెకానిక్ ఎక్కువగా తప్పేది ఇక్కడే.

2008లో వచ్చిన ఏడు గేర్ల డీక్యూ200 పొడి రకం. గేర్లకు రెండు లీటర్లలోపు ఆయిల్ చాలు. గేర్లు మార్చే హైడ్రాలిక్స్, ఎలక్ట్రానిక్స్ కలిసిన మెకట్రానిక్ భాగానికి వేరే ఆయిల్ ఉంటుంది. క్లచ్ పొడి ఆయిల్‌లో కలవదు, పైగా సర్వీసు పట్టికలో తరచూ మార్పు ఉండదు. దాంతో ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అన్న మాట పుట్టింది.

ఆయిల్ ఎంపిక ఇక్కడ కూడా పెద్ద విషయమేనని 2013 చూపించింది. వేడి, తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, ఈ గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ వల్ల విద్యుత్ సరఫరాలో లోపాలు వచ్చాయి. కారు నడుస్తూనే చక్రాలకు బలం అందడం ఆగిపోయేది. ఆ నవంబరులో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, సింథటిక్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. ఖరీదైన సింథటిక్ ఎప్పుడూ మేలన్న లెక్క ఈ గేర్‌బాక్స్ దగ్గర చెల్లలేదు.