అతుకు కనిపించని మాట

1895లో ఆంగ్ల రచయిత గై బెరింజర్, ఆదివారం ఆలస్యంగా లేచేవారి పక్షాన ఒక వ్యాసం రాశాడు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ రెండూ ఒకే పూటగా తినమన్నాడు. ఆ పూట పేరు బ్రంచ్.

ఇందులో మొదటి మాట నుంచి వచ్చింది 'బ్ర్' మాత్రమే. రెండో మాటలో 'ల్' పోయినా 'అంచ్' చెక్కుచెదరలేదు. అందుకే లంచ్ ఇంకా వినిపిస్తుంది, పలకడానికీ అంతే పొట్టిగా ఉంటుంది. తిరగేసి 'లెక్‌ఫాస్ట్' అని చూడండి. నోరు తిరుగుతుంది గానీ, ఒక్క 'ల్'తో లంచ్ ఎవరికి తడుతుంది?

మోటెల్ ఇంకా చక్కనిది. 1925లో కాలిఫోర్నియాలో ఆర్థర్ హైన్‌మన్ కారు ప్రయాణికుల బసకు ఆ పేరు పెట్టాడు. మోటర్, హోటెల్ రెండింటికీ మధ్యలో ఒకే ధ్వని ఉంది. అతుకు సరిగ్గా అక్కడే పడటంతో చెవికి దొరకదు. 'హోటర్' అంటే మాత్రం బస మాయమవుతుంది, ఎందుకంటే ఇలాంటి ఆంగ్ల మాటల్లో అసలు వస్తువేదో చెప్పేది సాధారణంగా చివరి ముక్కే.