శుభలేఖను ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నారా? ముహూర్తం లైన్ దగ్గర జాగ్రత్త!

విదేశీ స్నేహితుల కోసం శుభలేఖను ఇంగ్లిష్‌లోనూ వేయించేవాళ్లకు అసలు చిక్కు అర్ధరాత్రి దాటిన ముహూర్తంతోనే. 'శుక్రవారం రాత్రి 2.15 గంటలకు, తెల్లవారితే శనివారం' అని తెలుగులో వేస్తాం. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే కదా! దాన్ని 'శుక్రవారం 2.15 ఏఎం' అని మార్చేస్తే అతిథులు ఒక రోజు ముందే దిగిపోతారు. 'శనివారం 2.15 ఏఎం' అని వేసి, పక్కనే 'శుక్రవారం అర్ధరాత్రి దాటాక' అని చేర్చాలి. 'సుముహూర్తం' మాటను మాత్రం మార్చొద్దు. వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ అని కింద చిన్నగా రాస్తే సరిపోతుంది. ఇక 'చి.ల.సౌ.' తీసేసి 'మిస్' పెడితే పెద్దల దీవెన కాస్తా పోతుంది. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అని ఇంగ్లిష్ అక్షరాల్లో పూర్తిగా వేయించడమే మేలు.